రేపు ఎన్ని ఎగ్ పఫ్‌లు కాల్చాలి? ఒక బేకరీ వేస్టు లాగ్ లెక్క

కోస్తాలోని ఒక జిల్లా కేంద్రంలో, బస్టాండుకీ డిగ్రీ కాలేజీకీ మధ్య ఉన్న బేకరీ ఇది. ఉదయం 7 నుంచి రాత్రి 10 దాకా తెరిచి ఉంటుంది. బ్రెడ్డు, బన్ను, దిల్‌పసంద్, కేకులు అన్నీ ఉన్నా రాత్రి షట్టరు దించేటప్పుడు యజమాని కళ్లు పడేది ఎగ్ పఫ్ ట్రే మీదే. బ్రెడ్డు మిగిలితే రేపు అమ్మొచ్చు, ఎల్లుండి ముక్కలు కోసి రస్కు చేయొచ్చు. ఉడికిన గుడ్డు, ఉల్లిపాయ మసాలా ఉన్న పఫ్‌ను మర్నాటికి ఉంచడానికి లేదు. మిగిలింది మిగిలినట్టే చెత్తలోకి పోతుంది.

అందుకే రెండు నెలల పాటు రోజూ ఎన్ని కాల్చారో, ఎన్ని అమ్మారో, ఎన్ని పారేశారో రాశారు. ఆ పుస్తకం చూసి యజమాని తేల్చిన మాట: "బుధవారాల సగటు అమ్మకం 170. మనం 180 కాలుస్తున్నాం. రేపటి నుంచి 170 చాలు." మాట సబబుగానే వినిపిస్తుంది. అయితే ఆ పుస్తకంలో రాయని ఒక్క గడి వల్ల ఈ లెక్క తలకిందులవుతుంది. ఈ రాతంతా ఆ గడి గురించే. దుకాణాన్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాం. లెక్క తేలిగ్గా నడవడానికి అంకెలను కొంచెం సర్దాం. మాడినవీ విరిగినవీ పక్కన పెట్టి, కౌంటర్ మీదికి ప్రతి బుధవారం సరిగ్గా 180 వచ్చినట్టే చూద్దాం.

అమ్మకం వేరు, గిరాకీ వేరు

ఎనిమిది బుధవారాల లాగ్ ఇదీ. చివరి గడి పాత పుస్తకంలో లేదు. బిల్లింగ్ మెషీన్‌లో ఐటమ్ వారీ రిపోర్టు తీసి, ఆ రోజు చివరి ఎగ్ పఫ్ బిల్లు ఎన్నింటికి పడిందో చూసి తర్వాత నింపారు.

| వారం | కౌంటర్‌కు వచ్చినవి | అమ్మినవి | మిగిలినవి | అయిపోయిన వేళ |
|---|---|---|---|---|
| 1 | 180 | 158 | 22 | – |
| 2 | 180 | 171 | 9 | – |
| 3 | 180 | 180 | 0 | రాత్రి 7 |
| 4 | 180 | 149 | 31 | – |
| 5 | 180 | 180 | 0 | రాత్రి 8 |
| 6 | 180 | 166 | 14 | – |
| 7 | 180 | 180 | 0 | రాత్రి 9 |
| 8 | 180 | 174 | 6 | – |

మూడు, ఐదు, ఏడు వారాల్లో అమ్మకం 180. మూడుచోట్లా అంకె ఒకటే అయినా ఆ మూడు రోజులు ఒకలాంటివి కావు. ఏడో వారం రాత్రి 9కి ట్రే ఖాళీ అయింది, తర్వాత వచ్చేవాళ్లు నలుగురైదుగురే. మూడో వారం 7 గంటలకే ఖాళీ అయింది. కాలేజీ పిల్లలు, ఆఫీసుల నుంచి ఇళ్లకు వెళ్లేవాళ్లు, బస్సు కోసం ఆగినవాళ్లు వచ్చే మూడు గంటలు కౌంటర్‌లో పఫ్ లేదు. వచ్చి అడిగి వెళ్లినవాళ్లకు బిల్లు పడదు కాబట్టి లాగ్‌లో వాళ్ల జాడే లేదు.

సగటు తీసేటప్పుడు ఈ మూడు రోజులనూ 180 గానే వేశారు. మిగిలిన రోజుల్లో ఉన్న తక్కువ అమ్మకాలు లెక్కలోకి పూర్తిగా వచ్చాయి. ఎక్కువ గిరాకీ ఉన్న రోజులు మాత్రం 180 దగ్గర కోసుకుపోయాయి. ఒకవైపు మాత్రమే కోసిన లెక్కలో సగటు ఎప్పుడూ కిందికే జారుతుంది.

జారుడు అక్కడితో ఆగదు. ఇవే ఎనిమిది రోజులు మళ్లీ వచ్చాయనుకుని, ఈసారి 170 మాత్రమే కాలిస్తే చూడండి. 170 దాటిన రోజులన్నీ 170 దగ్గర ఆగుతాయి, సగటు 165 అవుతుంది. మళ్లీ 165 కాలిస్తే సగటు 162. 162 కాలిస్తే 160. గిరాకీ ఒక్క పఫ్ కూడా తగ్గలేదు, కాల్చే సంఖ్య మాత్రం మెట్టు మెట్టుగా దిగిపోయింది. పైగా పుస్తకంలో వేస్టు గడి చూస్తే ఎనిమిది రోజులకు 82 నుంచి 13కి పడిపోయి ముచ్చటగా కనిపిస్తుంది. మాస్టర్‌కు మెప్పు, యజమానికి తృప్తి. గల్లా పెట్టెలో ఎందుకు తగ్గిందో మాత్రం ఎవరికీ అంతుపట్టదు.

అయిపోయిన వేళ నుంచి గిరాకీ రాబట్టడం

దీనికి కావలసింది మిగులు ఉన్న రోజుల బిల్లులు. ఆ రోజుల్లో వచ్చినవాళ్లందరికీ పఫ్ దొరికింది కాబట్టి, రోజు మొత్తం అమ్మకంలో ఏ గంటకు ఎంత వంతు అయిందో వాటినుంచి నమ్మకంగా తెలుస్తుంది. ఈ దుకాణంలో బుధవారాలకు వచ్చిన వంతులు ఇవి: సాయంత్రం 5కి 45 శాతం, 6కి 60, 7కి 77, 8కి 90, 9కి 97, 10కి 100.

ఇక భాగహారమే. మూడో వారం 7 గంటలకు 180 అయిపోయాయి. మామూలుగా ఆ వేళకు 77 శాతం అవుతుంది కాబట్టి ఆ రోజు అసలు గిరాకీ 180 ÷ 0.77, అంటే 234. ఐదో వారం 180 ÷ 0.90, 200. ఏడో వారం 180 ÷ 0.97, సుమారు 186. మిగిలిన ఐదు రోజులకు అమ్మకమే గిరాకీ.

చిన్నది నుంచి పెద్దదికి వరుసగా పెడితే 149, 158, 166, 171, 174, 186, 200, 234. సగటు 180. యజమాని లెక్కకూ దీనికీ మధ్య రోజుకు పది పఫ్‌ల తేడా.

ఈ పద్ధతిని గుడ్డిగా వాడితే బోల్తా పడే చోటు ఒకటుంది. సాయంత్రం 5కే ట్రే ఖాళీ అయితే 180ని 0.45తో భాగించాలి, 400 వస్తుంది. నిజానికి ఆ మధ్యాహ్నం ఏదో ఆఫీసువాళ్లు మీటింగ్ కోసం ఒకేసారి 60 పట్టుకుపోయి ఉండొచ్చు. ఒకే బిల్లులో 15 దాటిన కొనుగోళ్లను ముందే ఆర్డర్ల గడిలోకి మార్చి, భాగహారం నుంచి తీసేయాలి. 6 గంటలకు ముందే అయిపోయిన రోజులకు అంచనా వేయకుండా "చాలా ఎక్కువ" అని గుర్తు పెట్టుకుని వరుసలో అన్నిటికంటే పైన ఉంచితే చాలు. రేపటి సంఖ్య తేల్చే పద్ధతిలో పైచివర అంకె 234 అయినా 400 అయినా ఫలితం మారదు. ఎందుకో ఇప్పుడే తెలుస్తుంది.

ఇంకో చిన్న కిటుకు. ట్రేలో చివర మిగిలిన రెండు మూడు పఫ్‌లు చాలాసార్లు అంచు నలిగో, పొర ఊడో ఉంటాయి. అద్దం వెనక ఒంటరిగా ఉన్న పఫ్‌ను అడిగేవాడు తక్కువ. లాగ్‌లో "మిగులు 2" అని ఉన్నా ఆ రోజు సరుకు అయిపోయిన రోజే. ఈ దుకాణంలో ట్రేలో ఐదు మిగిలిన వేళనే "అయిపోయిన వేళ"గా రాయాలని నియమం పెట్టారు. కౌంటర్ మీద ఉన్న కుర్రాడు ట్రే అంచున అంటించిన కాగితం మీద టైమ్ వేస్తాడు, అంతే.

మిగిలితే ఎంత నష్టం, చాలకపోతే ఎంత నష్టం

గిరాకీ సగటు 180 కాబట్టి 180 కాల్చాలా? అది వస్తువు లాభాన్ని బట్టి ఉంటుంది. ఒక పఫ్ మిగిలితే పోయేది దాని ఖర్చు. ఒక పఫ్ చాలకపోతే పోయేది దాని మీద లాభం. ఈ రెండూ సమానమైతే మధ్యలో ఉన్న అంకె సరిపోతుంది. లాభం ఎక్కువైతే కొంచెం పైకి, ఖర్చు ఎక్కువైతే కొంచెం కిందికి జరగాలి.

ఈ దుకాణంలో ఎగ్ పఫ్ ధర 25 రూపాయలు. ఖర్చులో సగం గుడ్డుకు 3.50, మైదాకు 1.20, పొరల మార్జరిన్‌కు 2.30, ఉల్లిపాయ మసాలా, నూనెకు 2.50, ఓవెన్ గ్యాస్ వాటా 1.50. మొత్తం 11 రూపాయలు. మాస్టర్ జీతం, షాపు అద్దె ఇందులో వేయలేదు. వేయకూడదు కూడా. ఒక ట్రే ఎక్కువ కాల్చినా తక్కువ కాల్చినా అవి మారవు. వాటిని కలిపి పఫ్ ఖర్చు 19 రూపాయలని చూపిస్తే, మిగిలిన ప్రతి పఫ్ పెద్ద నష్టంలా కనిపించి చెయ్యి వెనక్కి పోతుంది. లెక్కలు బాగా రాసే దుకాణాల్లో కూడా ఎక్కువగా జరిగే తప్పు ఇదే.

కాబట్టి మిగిలితే నష్టం 11, చాలకపోతే నష్టం 14. పద్నాలుగును రెండింటి మొత్తం 25తో భాగిస్తే 0.56 వస్తుంది. దీని అర్థం, నూరు బుధవారాల్లో 56 సార్లు సరుకు సరిపోయేలా, 44 సార్లు అయిపోయేలా కాల్చడమే అన్నిటికంటే లాభం. "ఎప్పుడూ అయిపోకూడదు" అనే దుకాణమూ, "ఎప్పుడూ మిగలకూడదు" అనే దుకాణమూ రెండూ డబ్బు పోగొట్టుకుంటాయి. ఈ పఫ్ విషయంలో వారానికి మూడు నాలుగు రాత్రులు ట్రేలో కొన్ని మిగలడం ఆరోగ్యకరమైన లక్షణమే.

మన ఎనిమిది అంకెల వరుసలో 0.56 వంతు దగ్గర ఉన్నది సుమారు 174. స్ప్రెడ్‌షీట్‌లో అయితే వచ్చినవి B గడిలో, అమ్మినవి C లో, అయిపోయిన వేళకు చెందిన వంతు D లో పెట్టి (అయిపోని రోజు D ఖాళీ), E లో గిరాకీ రాబట్టి చివర ఒక్క సూత్రం వేస్తే వస్తుంది:

```
E2:  =IF(D2="", C2, B2/D2)
F1:  =PERCENTILE(E2:E9, 0.56)
```

ఇందాక వదిలేసిన ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. ఈ లెక్క చూసేది వరుసలో మధ్యకు కాస్త పైన ఉన్న అంకెను. పైచివర 234 ఉందా 400 ఉందా అన్నది దానికి పట్టదు. సగటు తీసి ఉంటే ఒక్క తప్పుడు అంచనా రేపటి సంఖ్యను ఇరవై పైకి లాగేసేది.

174 వచ్చింది. ట్రేకు 30 పఫ్‌లు పడతాయి, ఆరు ట్రేలంటే 180. ఇప్పుడు ఆ ఆరు తగ్గించి ఒక ట్రేలో సందులు వదలాలా? ఎనిమిది రోజులకూ వెనక్కి లెక్క కట్టి చూస్తే జవాబు తేలికవుతుంది. 174 కాల్చి ఉంటే మిగులు 52, దొరక్క పోయినవి 98, మొత్తం నష్టం 1,944 రూపాయలు. 180 కాలిస్తే మిగులు 82, దొరకనివి 80, నష్టం 2,022. తేడా ఎనిమిది బుధవారాలకు 78 రూపాయలు, అంటే రోజుకు పదిలోపే. దానికోసం మాస్టర్ చేత ఆరు సందులు లెక్కపెట్టించనక్కర్లేదు, నిండు ట్రే వేయడమే మేలు. అదే 160కి దిగి ఉంటే నష్టం 2,537. ఐదు ట్రేలు 150 అయితే 3,357. ఏడు ట్రేలు 210 అయితే 3,262. మధ్యలో లోయ చదునుగా ఉంది, అటూ ఇటూ అంచులు నిటారుగా ఉన్నాయి. అంటే ఐదారు పఫ్‌ల దగ్గర పీకులాట వద్దు, ట్రే తేడా వస్తే మాత్రం ఊరుకోవద్దు.

యజమాని "170 చాలు" అన్నది కూడా ఒక్క రోజుకు చూస్తే పెద్ద నష్టం కాదు. ప్రమాదం అంతా ఆ నియమాన్ని ప్రతి వారం మళ్లీ మళ్లీ వాడటంలో ఉంది.

ఒకేసారి నిర్ణయించకుండా రెండుసార్లు నిర్ణయించడం

ఇక్కడి దాకా వచ్చిన దుకాణాలు చాలావరకు 180 దగ్గరే ఆగిపోతాయి. పఫ్‌కు ఇంకో వెసులుబాటు ఉంది. ముందురోజు సాయంత్రం తేల్చాల్సింది ఎన్ని పిండి షీట్లు మడవాలి అన్నదే. ఎన్ని కాల్చాలి అన్నది మర్నాడు సాయంత్రం దాకా ఆపుకోవచ్చు. కాల్చిన పఫ్ మిగిలితే 11 రూపాయలు పోతాయి. కాల్చని షీటు మిగిలితే ఫ్రిజ్‌లో ఉండి మర్నాటి మొదటి ట్రేలోకి వెళ్తుంది, దాదాపు ఏమీ పోదు.

ఏడు ట్రేలకు, అంటే 210 పఫ్‌లకు, షీటు ఒక్కోటి 45 గ్రాముల చొప్పున సుమారు తొమ్మిదిన్నర కిలోలు కావాలి. ఈ దుకాణంలో మైదా 5 కిలోలు, నీళ్లు 2.6 లీటర్లు, ఉప్పు 75 గ్రాములు, మడతల్లోకి పఫ్ మార్జరిన్ రెండున్నర కిలోలు పడతాయి. అంచులు కోసేయగా కరెక్టుగా సరిపోతుంది. కోసి చతురస్రాలు చేసిన షీట్లను మధ్యలో ప్లాస్టిక్ కాగితం వేసి 4 డిగ్రీల ఫ్రిజ్‌లో పెడతారు. గుడ్లు మొత్తం 105 కావాలి. ఐదు ట్రేలకు 75 గుడ్లు ఒలిచి సగానికి కోస్తారు, చివరి రెండు ట్రేల 30 గుడ్లను ఉడికించి పెంకుతోనే ఫ్రిజ్‌లో ఉంచుతారు. మసాలా విడిగా ఉండాలి. ముందే నింపి ఉంచిన పఫ్‌లో ఉల్లిపాయ నీరు షీటులోకి దిగి, ఎంత కాల్చినా అడుగు మెత్తగా, పచ్చిగా ఉంటుంది. షీట్లను బల్ల మీద వదిలేస్తే ఎండాకాలంలో అరగంటకే మార్జరిన్ కరిగి పిండిలో కలిసిపోతుంది. అలాంటివి ఓవెన్‌లో పొంగవు, ట్రే నిండా నూనె కారుతుంది. వేస్టు లాగ్‌లో "పొంగలేదు" అని ఐదారు వరుసగా కనిపిస్తే మొదట చూడాల్సింది ఫ్రిజ్ బయట గడిచిన సమయం.

సాయంత్రం 5 లోపు ఐదు ట్రేలు, 150 కాలుస్తారు. ఐదున్నరకు కౌంటర్‌లో అప్పటిదాకా అమ్మినవి చూస్తారు. ఆ వేళకు మామూలుగా రోజు అమ్మకంలో 52 శాతం అయి ఉంటుంది. ఇంకో ట్రే కాల్చడం ఎప్పుడు గిట్టుతుంది? అందులోని 30లో ఎన్ని అమ్ముడుపోతే వాటి లాభం, మిగిలిన వాటి ఖర్చుకు సరిపోతుందో చూడాలి. పద్నాలుగు అమ్ముడైతే లాభం 196, మిగిలిన పదహారు పారేస్తే నష్టం 176. పదమూడే అమ్మితే లాభం 182, నష్టం 187. కాబట్టి గీత పద్నాలుగు దగ్గర ఉంది. గిరాకీ 164 దాటేలా ఉంటే ఆరో ట్రే, 194 దాటేలా ఉంటే ఏడోది కూడా. ఐదున్నర లెక్కలోకి మార్చితే 85, 101. గోడ మీద రాసిన వాక్యం ఇంతే: 85 లోపు అయితే ఆగండి, 85 దాటితే ఒక ట్రే, 100 దాటితే రెండు.

ఐదున్నర వేళ ఎంచుకోవడానికి కారణం ఉంది. గుడ్డు పూత పూసి ఓవెన్‌లో పెట్టిన ట్రే కౌంటర్ మీదికి రావడానికి ఎంతలేదన్నా 40 నిమిషాలు. బాగా గిరాకీ ఉన్న రోజు, అంటే 234 లాంటి రోజు, ఆ 150 ఆరుంబావుకు అయిపోతాయి. 6 గంటలకు చూసి నిర్ణయిస్తే జనం ఎక్కువగా ఉన్న వేళ ఇరవై నిమిషాలకు పైగా ట్రే ఖాళీగా ఉంటుంది. ఓవెన్ వేడిగా ఉండటం కూడా ముఖ్యం. ఇక్కడ సాయంత్రం బన్‌లు పడతాయి కాబట్టి ఆ ఇబ్బంది లేదు. మధ్యాహ్నానికి ఓవెన్ ఆర్పేసే దుకాణంలో ఒక్క ట్రే కోసం దాన్ని మళ్లీ వేడెక్కించే గ్యాస్ ఖర్చు ఈ లాభమంతా తినేస్తుంది. అక్కడ ఈ పద్ధతి వద్దు, ఆరు ట్రేల లెక్కతోనే ఉండాలి.

ఆ ఎనిమిది బుధవారాలకూ ఈ నియమం వేసి చూస్తే రెండు రోజులు ఆగేవాళ్లు, నాలుగు రోజులు ఒక ట్రే, రెండు రోజులు రెండు ట్రేలు. మొత్తం మిగులు 40, దొరకనివి 38, నష్టం 972 రూపాయలు. ఆరు ట్రేలు ఒకేసారి కాల్చిన పద్ధతిలో అది 2,022. సగం కంటే తక్కువ. అయితే ఇది ప్రతి రోజూ సరిగ్గా 52 శాతమే అయినట్టు అనుకుని కట్టిన లెక్క. వానపడి సాయంత్రం జనం ఆలస్యంగా వస్తే ఐదున్నరకు 45 శాతమే కావొచ్చు, కాలేజీకి పరీక్షలుంటే మధ్యాహ్నమే 60 దాటొచ్చు. కాగితం మీద కనిపించిన లాభంలో సగం చేతికి వచ్చినా పద్ధతి నిలబడినట్టే.

పుస్తకంలో అంకెలు ఎక్కడ కారిపోతాయి

ఈ లెక్కలన్నీ ఒక్క సమానత్వం మీద ఆధారపడ్డాయి. కౌంటర్‌కు వచ్చినవి = బిల్లు పడినవి + మిగిలినవి + పాడైనవి + స్టాఫ్ తిన్నవి, ఊరికే ఇచ్చినవి. రెండు వైపులా రోజూ కలవవు. నాలుగైదు తేడా అయితే వదిలేయొచ్చు. పది దాటితే కారణం వెతకాలి. వెతికేటప్పుడు మనుషుల్ని అనుమానించే ముందు బిల్లింగ్ మెషీన్ మీటల్ని అనుమానించడం మంచిది.

ఎగ్ పఫ్, కర్రీ పఫ్ మీటలు పక్కపక్కనే ఉంటాయి. ఎగ్ పఫ్‌లో తొమ్మిది తక్కువ, కర్రీ పఫ్‌లో తొమ్మిది ఎక్కువ వచ్చాయంటే దొంగతనం కాదు, వేలు జారింది. రెండు ఐటమ్‌ల తేడాలనూ పక్కపక్కన చూడకపోతే ఇది ఎప్పటికీ దొరకదు. డెలివరీ యాప్ ఆర్డర్లు వేరే ట్యాబ్‌లో ఉండి, రాత్రి రిపోర్టులో కలవకపోవడం ఇంకో మామూలు కారణం. తేడా ఎప్పుడూ తక్కువ వైపే, అదీ ఆదివారాలు ఎక్కువగా ఉంటే దాన్నే చూడాలి. టీతో పాటు పఫ్ తిని, చివర టీ డబ్బులు మాత్రమే బిల్లు వేసే అలవాటు ఉంటే సాయంత్రం 4 నుంచి 6 మధ్య లెక్క తప్పుతుంది. ఆ రెండు గంటలకు ముందూ తర్వాతా ట్రే లెక్కపెడితే బయటపడుతుంది.

రాత్రి 9 తర్వాత సగం ధరకు ఇచ్చేవి విడి గడిలో రాయాలి. 12 రూపాయలకు పది పఫ్‌లు అమ్ముడుపోయాయంటే 25 రూపాయలకు పది మంది వచ్చారని కాదు. అవి గిరాకీలో కలిస్తే రేపటి సంఖ్య ఉబ్బుతుంది, మర్నాడు మళ్లీ ఎక్కువ మిగిలి, మళ్లీ సగం ధరకు పోతాయి. కొన్నాళ్లకు 9 దాటాక వచ్చే కొనుగోలుదారులు అలవాటు పడిపోతారు కూడా.

వేస్టు అనే ఒక్క గడిలో మాడినవీ, మిగిలినవీ కలిపి రాయడం అన్నిటికంటే పాత జబ్బు. మాడిన ఎనిమిదికీ రేపు ఎన్ని చేయాలన్న దానికీ సంబంధం లేదు. ఎప్పుడూ ఓవెన్ వెనక ఎడమ మూలవే మాడుతుంటే అది ట్రే తిప్పాల్సిన సంగతి, ట్రే తగ్గించాల్సిన సంగతి కాదు. రెండూ కలిపి "వేస్టు 20" అని రాసిన రాత్రి, మాస్టర్ తప్పుకు బ్యాచ్ సైజు శిక్ష అనుభవిస్తుంది.

ఇక ఎగ్ పఫ్ అయిపోయిన రోజున కొంతమంది కర్రీ పఫ్ తీసుకుంటారు. ఆ రోజు కర్రీ పఫ్ అమ్మకం సొంత గిరాకీ కాదు, అరువు తెచ్చుకున్నది. కర్రీ పఫ్ లాగ్‌లో ఎగ్ పఫ్ అయిపోయిన వేళ తర్వాత పడిన బిల్లులను రంగు పెన్నుతో గుర్తు పెట్టి, దాని సంఖ్య తేల్చేటప్పుడు ఆ రోజును వదిలేస్తే సరిపోతుంది. ఇలా మారేవాళ్లు ఉన్నందువల్ల ఎగ్ పఫ్ చాలకపోతే పోయేది నిండు 14 కాదని వాదించొచ్చు. పఫ్ దొరక్క టీ కూడా తాగకుండా వెళ్లిపోయేవాళ్లు ఇంకోవైపు లాగుతారు. ఈ రెండింటినీ కొలిచే దారి కౌంటర్ మీద లేదు. 14 దగ్గరే ఉంచడం నయం.

ఏ రోజును ఏ రోజుతో పోల్చాలి

బుధవారాన్ని బుధవారంతోనే పోల్చాం. ఎగ్ పఫ్‌కు ఇది తప్పనిసరి. మంగళవారం, శనివారం గుడ్డు ముట్టనివాళ్లు చాలామంది. ఆ రోజుల్లో ఎగ్ పఫ్ తగ్గి కర్రీ పఫ్ పెరుగుతుంది. వారం మొత్తం సగటు తీసి రోజూ ఒకే సంఖ్య కాల్చే దుకాణంలో శనివారం ట్రే మిగలడం, ఆదివారం సాయంత్రానికే అయిపోవడం అందుకే. ఏ రోజులు తక్కువో ముందే ఊహించి గుంపులు కట్టకూడదు. సాయిబాబా గుడి దగ్గరి దుకాణంలో గురువారం కూడా పడిపోవచ్చు. వారంలో ఒక్కో రోజుకీ విడిగా ఎనిమిది అంకెలు రాసి చూశాక, దగ్గరగా ఉన్న రోజులను కలపాలి.

ఎనిమిది వారాలకు మించి వెనక్కి పోతే వేసవి సెలవుల అంకెలు కాలేజీ రోజుల్లో కలుస్తాయి. నాలుగు వారాలకే పరిమితమైతే ఒక్క వాన రోజు సంఖ్యను లాగేస్తుంది. ఊరేగింపు, బంద్, పెద్ద క్రికెట్ మ్యాచ్ ఉన్న రోజులకు లాగ్‌లో ఒక మాట రాసి, మామూలు రోజుల వరుసలోంచి తీసేసి, అంతకు ముందు వారాన్ని బదులుగా తీసుకుంటారు.

కార్తీక మాసం వేరే సంగతి. అది ఒక్క రోజు కాదు, నెల. ఆ తర్వాత అయ్యప్ప దీక్షలు సంక్రాంతి దాకా సాగుతాయి. గడిచిన ఎనిమిది వారాల అంకెలు అప్పుడు పనికిరావు. కొత్త అంకెలు పోగయ్యేలోపు నెల అయిపోతుంది. ఈ దుకాణంలో ఆ నెలకు మొదటి మూడు రోజుల అమ్మకాన్ని, మామూలు వారంలో అవే రోజుల గిరాకీతో భాగించి ఒక వంతు తీస్తారు. ఉదాహరణకు 0.6 వస్తే బుధవారం 174 కాస్తా 104 అవుతుంది. నాలుగు ట్రేలకు షీట్లు మడిచి, మూడు కాల్చి, ఐదున్నరకు నాలుగోది చూస్తారు. కార్తీక సోమవారాలకూ, పౌర్ణమికీ ఆ వంతు ఇంకా దిగుతుంది కాబట్టి వాటిని విడిగా రాసుకుని పై ఏటికి దాచుకుంటారు.

షీటు మాత్రం రెండు పఫ్‌లకూ ఒకటే. కార్తీకంలో ఎగ్ పఫ్‌కు తగ్గించిన షీట్లు కర్రీ పఫ్‌కు పోతాయి, కాబట్టి మైదా, మార్జరిన్ లెక్క రెండింటి మొత్తం మీదే వేస్తారు. ఐదున్నరకు చేయి గుడ్డు వైపు వెళ్లాలా, బంగాళాదుంప కూర వైపు వెళ్లాలా అన్నది మాత్రమే ఆ సాయంత్రానికి వదిలేస్తారు. అందుకని ఆ నెల్లో చివరి ట్రేల గుడ్లు ముందుగా ఉడికించరు. కూర ఉదయమే వండి చల్లార్చి ఫ్రిజ్‌లో ఉంచుతారు, గుడ్లు నాలుగున్నరకు అమ్మకం ఒకసారి చూసుకుని పొయ్యి మీద పెడతారు.